జవాబు వచ్చాక ఏమడగాలి?

"తడి బట్టలు ఎక్కడ త్వరగా ఆరుతాయి?" అని అడుగుతాడు బీఈడీ చదువుతున్న ఛాత్రోపాధ్యాయుడు. "ఎండలో సార్" అంటారు ఎదురుగా విద్యార్థుల్లా కూర్చున్న తోటివారు. "వెరీ గుడ్. ఎండలో. ఎందుకంటే వేడికి నీరు ఆవిరవుతుంది" అని కారణం కూడా తనే చెప్పేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. పాఠం ఎక్కడా తడబడలేదు. కానీ అతను సాధన చేయాల్సిన అన్వేషక ప్రశ్నల నైపుణ్యం అందులో ఒక్కసారి కూడా కనిపించలేదు.

ఇలాంటి నైపుణ్యాలను ఒక్కొక్కటిగా సాధన చేయడానికే 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు సూక్ష్మబోధనను రూపొందించారు. ఒక చిన్న పాఠ్యాంశం, కొద్దిమంది విద్యార్థులు, ఒకే నైపుణ్యం దాని స్వరూపం. మన శిక్షణ కళాశాలలు పాటించే భారతీయ నమూనాలో ఒక చక్రం 36 నిమిషాలు: బోధనకు 6, ఫీడ్‌బ్యాక్‌కు 6, ప్రణాళికను తిరగరాయడానికి 12, పునర్బోధనకు 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్‌కు 6. అన్నిటికన్నా ఎక్కువ సమయం తిరగరాయడానికే ఇచ్చారు. ఆ 12 నిమిషాల్లో ఏం మార్చాలో తెలియాలంటే మొదటి ప్రణాళికలో ఏం రాశారన్నది ముఖ్యం.

సాధారణంగా ఆ ప్రణాళికలో ఉపాధ్యాయుడి ప్రశ్న, విద్యార్థి జవాబు, నైపుణ్యంలోని అంశం అని మూడు గడులుంటాయి. ఇబ్బందంతా రెండో గడిలోనే. అక్కడ ప్రతి ప్రశ్నకూ పూర్తి, సరైన జవాబే రాసి ఉంటుంది. సరైన జవాబు సిద్ధంగా ఉన్నచోట తరచి అడగాల్సిన పని రాదు. అందుకే ఆ గడిలో రావడానికి వీలున్న మూడు రకాల జవాబులు రాయాలి: "తెలియదు", సగం సరైనది, పూర్తిగా తప్పు. ఒక్కోదానికీ తర్వాతి ప్రశ్న పక్కనే ఉండాలి.

బట్టల పాఠాన్నే ఇలా తిరగరాయవచ్చు. "తెలియదు" అంటే జవాబు చెప్పకుండా చిన్న సూచన ఇవ్వాలి: "మీ ఇంట్లో బట్టలు ముడిచి ఆరేస్తారా, పరిచి ఆరేస్తారా?" "ఎండలో" అన్నది సగం జవాబు. దానికి "మరి రాత్రిపూట దండెం మీద వేసినవి పొద్దుటికి ఎలా ఆరాయి?" అని అడిగితే, వేడి ఒక్కటే కారణం కాదని విద్యార్థికే తడుతుంది. "గాలికి" అని ఒకరంటే, అదే ప్రశ్నను మరో ఇద్దరికి వేయాలి. దీన్ని ప్రశ్న మళ్లింపు అంటారు. "వానాకాలంలో గాలి వీస్తున్నా ఎందుకు ఆలస్యమవుతుంది?" అన్న ప్రశ్న గాలిలోని తేమ దాకా తీసుకెళ్తుంది. చివరికి కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని అడిగితే, తెలిసిన విషయం కొత్త సందర్భంతో ముడిపడుతుంది. ఆరు నిమిషాలకు ఈ ఐదు ప్రశ్నలే చాలు.

అయితే తోటివారు స్నేహం కొద్దీ సరైన జవాబులే ఇస్తే ఈ కసరత్తంతా వృథా. పాఠానికి ముందే వారికి చీటీలు పంచాలి. ఒకరు తెలియదనాలి, ఒకరు సగమే చెప్పాలి, ఒకరు తప్పు చెప్పాలి. ఏ చీటీ ఎవరి దగ్గరుందో బోధించేవారికి తెలియకూడదు.

ఇక పరిశీలన పత్రం. "ప్రశ్నలు బాగున్నాయి: 5" అని అంకె వేయడం చాలా చోట్ల అలవాటు. ఆ అంకె చూసి ఎవరూ ఏ ప్రశ్ననూ మార్చలేరు. పరిశీలకుడు అభిప్రాయం కాకుండా జరిగింది రాయాలి. సూచన, అదనపు సమాచారం, మళ్లింపు, విమర్శనాత్మక ఆలోచన, కొత్త సందర్భంతో ముడిపెట్టడం... ఒక్కోదానికి ఒక వరుస, జరిగిన ప్రతిసారీ ఒక గీత. కింద మరో మూడు వరుసలు: జవాబును తనే తిరిగి చెప్పాడా, తన ప్రశ్నకు తనే జవాబిచ్చాడా, ప్రశ్న తర్వాత మూడు సెకన్లు ఆగాడా? ఈ చివరిది చిన్న విషయం కాదు. తరగతి గదుల్లో ఉపాధ్యాయులు సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదని, మూడు సెకన్లు దాటి ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ఈ లెక్కకు గడియారంతో ఒకరు విడిగా కూర్చోవాలి. గీతలు గీసేవారే సెకన్లూ లెక్కపెడితే రెండూ తప్పుతాయి.

పత్రం అడుగున రెండు ఖాళీలు చాలు: అతను అడిగిన ఒక ప్రశ్న ఉన్నదున్నట్టు, దాని బదులు అడగదగ్గ ప్రశ్న. మొదట చెప్పిన పాఠానికైతే "'ఎండలో' అనగానే కారణం మీరే చెప్పారు, నీడలో ఆరవా అని అడగండి" అని రాయవచ్చు. తిరగరాతకు అది నేరుగా పనికొస్తుంది.

గీతలకూ పరిమితి ఉంది. "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు" అని నాలుగుసార్లు అన్నా నాలుగు గీతలు పడతాయి. పిల్లవాడి మాటను పట్టుకుని అడిగిన ప్రశ్నకే గీత అని ముందే ఒప్పందం చేసుకోవాలి. పైగా చీటీ పట్టుకున్న తోటి విద్యార్థి నిజంగా తికమకపడడు. ఏడో తరగతిలో నలభై మంది ముందు నిలబడినప్పుడు మూడు సెకన్ల నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది. అందుకే టీచింగ్ ప్రాక్టీస్ మొదటి వారంలోనూ ఇదే పత్రాన్ని తోటి ఛాత్రోపాధ్యాయుడి చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టాలి.