తప్పేమీ లేని ఇంట్లో ఒంటరితనం



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటుంది. "అయ్యగారూ, మా ఆయన మంచివాడే. తాగడు, కొట్టడు, సంపాదించింది తెచ్చి నా చేతికే ఇస్తాడు. అయినా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది." మగవాళ్లు ఇదే బాధను ఇంకోలా చెబుతారు: "ఇంటికెళ్తే అన్నం ఉంటుంది, మాట ఉండదు." దీనికి చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే జవాబు ఒక్కటే. "అన్నీ ఉన్నాయిగా, దేవునికి స్తోత్రం చెప్పుకో." ఆ జవాబు సరైంది కాదని మా అభిప్రాయం. ఈ బాధ కృతజ్ఞత లేనితనం కాదు.

మొదటి సమూయేలు మొదటి అధ్యాయం చూడండి. ఎల్కానా చెడ్డ భర్త కాడు. హన్నాను ప్రేమించాడు, షిలోహులో బలి అర్పించినప్పుడు ఆమెకు రెండు పాళ్లు ఇచ్చాడు. ఆమెకు పిల్లలు లేని దుఃఖం ఉంది, పెనిన్నా సూటిపోటి మాటలున్నాయి. కానీ భర్త పక్కన కూర్చుని కూడా ఆమె ఒంటరిదే. ఎందుకు? ఆయన వరుసగా ప్రశ్నలు వేశాడు: ఎందుకు ఏడుస్తున్నావు, ఎందుకు తినవు, ఎందుకు విచారం? జవాబు వచ్చేలోగానే, పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కాదా అనే అర్థం వచ్చేలా అడిగేశాడు. అంటే ఆమె దుఃఖం గురించి మొదలైన మాట తన గురించి అయిపోయింది. హన్నా ఏం జవాబిచ్చిందో వాక్యంలో లేదు. ఆమె లేచి వెళ్లి దేవుని ముందు మనసు విప్పింది.

మన ఊళ్లలో ఇది ఎలా జరుగుతుందో చెబుతాం. ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు, చాలా ఇళ్లలో చూసింది. పిల్లలు ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరారు. అప్పటిదాకా భార్యాభర్తల మధ్య నడిచిన మాటలన్నీ పిల్లల గురించే. ఇప్పుడు మిగిలినవి "మోటారు వేశావా?", "ఫీజు కట్టావా?", "అన్నం పెట్టనా?" ఇవి పని మాటలు. ఒకరోజు ఆమె, "ఇవాళ చెరువు గట్టు మీద ఎన్ని కొంగలు వాలాయో!" అంది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆమె కొంగల లెక్క చెప్పడానికి రాలేదు, "నాతో కాసేపు ఉండు" అని అడగడానికి వచ్చింది. నాలుగుసార్లు "ఊఁ" విన్నాక ఐదోసారి ఆమె చెప్పడం మానేస్తుంది. గొడవ జరగదు, అందుకే ఎవరికీ తెలియదు.

అమెరికాలోని సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్త దంపతుల మధ్య ఇలాంటి చిన్న పిలుపులనే గమనించారు. ఆరేళ్ల తర్వాత చూస్తే, కలిసి ఉన్నవాళ్లు అలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించిన వాళ్లు. విడిపోయినవాళ్లు 33 సార్లే. తేడా పెద్ద తగాదాల్లో కాదు, ఆ "ఊఁ" దగ్గరే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలినా శివారు పొలం ఎండిపోతే, కాలువకు ప్రతిసారీ గండి పడిందని కాదు. పూడిక, గుర్రపుడెక్క పేరుకుని కూడా నీళ్లు ఆగిపోతాయి.

అయితే ఏం చేయాలి? ముందు ఒక వారం గమనించండి. పని మాటలు తీసేస్తే ఇద్దరి మధ్య రోజుకు ఎన్ని మాటలు మిగులుతున్నాయి? తర్వాత, బాధ ఉన్నవారే నోరు విప్పండి. "నువ్వెప్పుడూ పట్టించుకోవు" అంటే అవతలివారు తమను కాచుకోవడం మొదలుపెడతారు. "సాయంత్రాలు నాకు ఒంటరిగా ఉంటోంది, భోజనమయ్యాక పది నిమిషాలు నాతో కూర్చో" అంటే చేయగలిగిన పని దొరుకుతుంది. వినేవారు వెంటనే పరిష్కారం చెప్పకండి, "నేనేం తక్కువ చేశాను?" అనకండి. ఇంకొక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.

దీనికి హద్దులున్నాయి. ఇంట్లో భయం, దెబ్బలు, తాగుడు ఉంటే అది ఈ సమస్య కాదు, పది నిమిషాల మాటలతో తీరదు. అలాంటివి దాచకుండా సాయం అడగాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పోయి దేనిమీదా మనసు నిలవకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అది విశ్వాసం తక్కువై కాదు. పైగా మన మనసంతా నింపడం ఏ భర్త వల్లా, ఏ భార్య వల్లా కాదు. హన్నా దేవుని దగ్గరకు వెళ్లింది అందుకే.

ఆ అధ్యాయం చివర చూడండి. సమూయేలు పుట్టాక, బిడ్డ పాలు విడిచేదాకా షిలోహుకు రానని హన్నా భర్తతో చెప్పింది. ఈసారి ఎల్కానా తన గొప్ప చెప్పుకోలేదు. నీకు మంచిదనిపించింది చెయ్యమన్నాడు. మొదట రెండు పాళ్లు ఇచ్చిన చెయ్యి ఆయనదే, చివరికి ఆమె మాట విన్న చెవీ ఆయనదే. మన ఇళ్లలో పాళ్లు కొరతపడటం లేదు. ఈ రాత్రి భోజనమయ్యాక ఫోను పక్కనపెట్టి, ఆ చెవిని ఇద్దాం.