ఒక్క ‘కు’ జారిపోతే

ఫ్లోరైడ్ నీటి శుద్ధిపై తెలుగులో వచ్చిన ఒక క్షేత్ర కథనాన్ని యంత్రం ఇంగ్లిష్‌లోకి మార్చింది. దాన్ని సరిదిద్దే పని నాకు వచ్చింది. మూలంలో ఇలా ఉంది: ‘పటిక, సున్నం వేసి తేర్చాక నీటిలో ఫ్లోరైడ్ మూడో వంతుకు తగ్గిందట.’ యంత్రం ఇచ్చిన వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అందులో ‘డిక్రీజ్డ్ బై వన్ థర్డ్’ అని ఉంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ దాటేశాను.

శుద్ధికి ముందు ఆ నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని పై పేరాలోనే ఉంది. మూడో వంతుకు తగ్గితే 1 మిల్లీగ్రాము మిగులుతుంది. మూడో వంతు తగ్గితే 2 మిగులుతాయి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. అంటే తెలుగు వాక్యం ప్రకారం ఆ నీళ్లు తాగొచ్చు, ఇంగ్లిష్ వాక్యం ప్రకారం తాగకూడదు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ‘కు’ విభక్తి. ఇంగ్లిష్‌లో ‘బై’ బదులు ‘టు’ ఉండాల్సింది.

రెండో తప్పు ఇంకా నిశ్శబ్దంగా ఉంది. ‘తగ్గిందట’లోని ‘ట’ ఇంగ్లిష్‌లో లేనే లేదు. ఆ మాట చెప్పింది పంపు నడిపే మనిషి. నమూనాను ప్రయోగశాలకు పంపినట్టు కథనంలో ఎక్కడా లేదు. తెలుగు రచయిత ఒక్క అక్షరంతో ‘ఇది నేను విన్నది, కొలిచింది కాదు’ అని చెప్పేశారు. ఆ అక్షరం పోగానే విన్న మాట కొలతగా మారిపోయింది. దీనికి ‘రిపోర్టెడ్లీ’ అని తగిలిస్తే సరిపోతుందని కొందరంటారు. నాకు అది చాలదనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాట చూస్తే ఎక్కడో నివేదిక ఉన్నట్టు తోస్తుంది. ఎవరు చెప్పారో ముందు వాక్యాల్లో వెతికి, ఆ మనిషినే ఇంగ్లిష్ వాక్యంలోకి తేవాలి.

పాత తరం అనువాద యంత్రాల తప్పులు కంటికి గుచ్చుకునేవి. మాటల వరుస చెదిరిపోయేది, దాంతో మనం మూలం వైపు చూసేవాళ్లం. గూగుల్ 2017లో తెలుగుకు నాడీజాల పద్ధతి తెచ్చింది. ఈ పద్ధతిలో యంత్రం మూల వాక్యంతో పాటు తాను అప్పటికే రాసిన ఇంగ్లిష్ మాటలనూ చూసుకుంటూ తర్వాతి మాట ఎంచుకుంటుంది. కాబట్టి మూలం సరిగా అందకపోయినా వాక్యం నున్నగానే వస్తుంది. యంత్రాల నాణ్యతకు వాడే బ్లూ స్కోరు లాంటి కొలతలూ ఇక్కడ పెద్దగా సాయపడవు. అవి మనుషుల అనువాదంతో ఎన్ని మాటలు కలిశాయో లెక్కిస్తాయి. ‘టు’కు బదులు ‘బై’ పడితే తేడా ఒక్క మాటే.

అందుకే నేను ఇప్పుడు ఇంగ్లిష్‌ను మూసిపెట్టి తెలుగు ముందు చదువుతాను. అంకెలు, వాటిని అంటుకున్న ప్రత్యయాలు, క్రియ చివర ఉన్న ‘ట’, ‘ఏమో’, ‘వచ్చు’, ‘లేదు’ కింద గీత గీస్తాను. ఆ తర్వాతే ఇంగ్లిష్ తెరిచి, గీసిన ప్రతిదానికీ అక్కడ జత ఉందో లేదో వెతుకుతాను. భిన్నం కనిపిస్తే రెండు వాక్యాలనూ లెక్కగా మార్చి చూస్తాను. జవాబులు కలవకపోతే తప్పు అక్కడే ఉంది. ఇక ‘చెప్పారు’ ఉన్నచోట శాస్త్రవేత్త ఆడో మగో కనుక్కోక తప్పదు, యంత్రం మాత్రం తరచూ ‘హీ’ అనేస్తుంది.

ఈ పద్ధతికి అందనివీ ఉన్నాయి. ‘మూడొంతులు తగ్గింది’ అంటే మన వాడుకలో నాలుగింట మూడు వంతులు, అంటే ముప్పాతిక. యంత్రం దాన్ని మూడో వంతు అన్నా, మూడు రెట్లు అన్నా లెక్క వేస్తే దొరుకుతుంది. కానీ ఆ రచయితే ‘మూడో వంతు’ అనబోయి ‘మూడొంతులు’ అని రాసి ఉంటే? అప్పుడు ఫోన్ చేసి అడగడం తప్ప దారి లేదు.

ఇదంతా సమయం తినే పని. పైన చెప్పిన వాక్యం మీద నాకు పది నిమిషాలు పట్టింది, మార్చింది మాత్రం నాలుగైదు మాటలు. చాలాచోట్ల దిద్దుబాటుకు ఇచ్చే డబ్బు అనువాదానికిచ్చే దాంట్లో కొంత భాగమే. ఇంగ్లిష్ ఎలాగూ సిద్ధంగా ఉంది కదా అన్నది అక్కడి వాదన. ఆ రేటుకు దొరికేది ఇంగ్లిష్‌ను మాత్రమే చదివే ఎడిటరే. సైన్సు కథనాలకైనా మూలం చదివే సమయాన్ని విడిగా లెక్కగట్టి, దానికి డబ్బివ్వాలి. ఆ క్షేత్ర కథనం విషయంలో నేను అడిగాను. ‘ఇంగ్లిష్ బాగానే ఉంది కదండీ’ అన్నారు.