ఒక్కని పేరు మీద రూమ్ తీసుకోవద్దు

"నలుగురం అంటే ఓనర్ రూమ్ ఇయ్యడు, ఒక్కని పేరు చెప్పి తీసుకోండి, మిగతావాళ్లు మెల్లగ చేరండి" అని మన గ్రూపులో ఒక అన్న సలహా పెట్టిండు. అన్న మంచికే చెప్పిండు కానీ నేను ఒప్పుకోను.

పోయిన ఎండాకాలం హాస్టల్ మూసినప్పుడు మేం అట్లనే చేసినం. రెండో నెల ఇద్దరు తండాకు పోయి మళ్లా రాలె. మొత్తం కిరాయి పేరున్నోని నెత్తిన పడ్డది. వాళ్ల నాయిన మేకను అమ్మి కట్టిండు. "మోసం చేసిండ్రు" అని ఓనర్ అంటే మా దగ్గర జవాబు లేదు.

ఈసారి కుల్కచర్ల తండాల పిల్లలం నలుగురం వికారాబాద్‌లో ఒక ఫ్లాట్ కోసం ఓనర్‌కు ఉత్తరం రాసినం. కిరాయి 6,000, అడ్వాన్స్ 12,000. మొదటి చిత్తులో "తలా 1,500 ఇస్తం, ఎవరి వాటాకు వాళ్లే బాధ్యులం" అని ఉండె. అది కొట్టేసినం. ఒకడు ఎగ్గొడితే ఓనర్ 4,500 పట్టుకొని నాలుగోవాని కోసం తండాల వెంట తిరగాల్నా? ఆ భయంతోనే కదా "స్టూడెంట్లకు ఇయ్యం" అనేది.

ఇప్పుడు ఇట్ల రాసినం: "ప్రతినెల 5వ తేదీలోపు 6,000 ఒకే ఖాతా నుంచి వస్తది. మాలో ఒకరు ఇయ్యకపోయినా మొత్తానికి నలుగురం బాధ్యులం." దీనికి భయపడొద్దు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, కలిసి మాటిచ్చినోళ్లలో ఎవరినైనా మొత్తం అడగొచ్చు. ఎక్కువ కట్టినోడు మిగతావాళ్ల నుంచి వాళ్ల వాటా రాబట్టుకోవచ్చని కూడ అదే సెక్షన్‌లో ఉంది.

అందుకే మాలో మాకు ఇంకో కాగితం ఉంది. అడ్వాన్స్‌ల తలా 3,000 పెట్టినం. పోయేటోడు నెల ముందు చెప్పాలె, బదులు మనిషిని తేవాలె. చెప్పకుండ పోతే ఒక నెల వాటా 1,500 వాని అడ్వాన్స్‌ల పట్టుకుంటం, మిగతాది ఖాళీ చేసినప్పుడు ఇస్తం. కరెంటు బిల్లు సమానం. పగలగొట్టినోడే బాగు చేపియ్యాలె. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడ్తదో తెల్వదు కాబట్టి దాని మీద తేదీ పెట్టలె.

ఇంటర్ తమ్ముళ్లు ఒకటి చూసుకోండి. 18 నిండకుంటే మీ సంతకం చట్టం ముందు నిలవదు, నాయిన గానీ అన్న గానీ తన పేరు మీద పెట్టాలె.

మా చిత్తులో "మేము పేద గిరిజన విద్యార్థులం, దయచేసి" అని ఒక లైన్ ఉండె. దాని మీద రాత్రంత కొట్లాడినం. నేను తీసేయమన్న. కిరాయి కట్టేటోనికి దయ ఎందుకు? కానీ ఇంటిపేర్లు మాత్రం దాచలె. రాథోడ్, పవార్ అని పూర్తిగ రాసి, ఆధార్ జిరాక్సులు, ఇండ్లల్ల ఫోన్ నంబర్లు జత చేసినం. పేరు చూసి వద్దనేటోడు చేరినంకనైనా ఏదో వంక పెట్టి ఎల్లగొడ్తడు, అప్పుడు సామాను కూడ మోసుకోవాలె.

ఆదివారం నలుగురం పోయి ఇస్తున్నం. ఆయన కాదంటే, తేదీ మార్చి ఇదే ఉత్తరం పక్క గల్లీలో ఇస్తం.