ప్యాకేజీలో ఏముందో చెప్పే ప్రకటన

ఇంగ్లండులో రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌కు రమ్మని పిలిచే ఉత్తరంతోపాటు మహిళలకు ఒక కరపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. 2013లో వచ్చిన ఆ కరపత్రం చదివితే మనకు కాస్త ఆశ్చర్యం వేస్తుంది. వందమంది మామోగ్రామ్ తీయించుకుంటే నలుగురిని మరిన్ని పరీక్షలకు మళ్లీ పిలుస్తామని, ఆ నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుందని అందులో రాశారు. స్క్రీనింగ్ వల్ల ఒక ప్రాణం నిలిచిన చోట, ఎన్నటికీ ప్రాణం మీదికి రాని క్యాన్సర్‌కు దాదాపు ముగ్గురు చికిత్స పొందుతారని కూడా రాశారు. పరీక్షకు పిలుస్తున్న ప్రభుత్వ వైద్య సేవే ఈ మాట చెబుతోంది.

అక్కడ కూడా మొదటినుంచీ ఇలా లేదు. అంతకు ముందున్న కరపత్రం లాభాలను వివరంగా చెప్పి, అనవసర చికిత్స సంగతి వదిలేసింది. 2009లో కొందరు వైద్యులు, పరిశోధకులు దాన్ని గట్టిగా తప్పుబట్టారు. తర్వాత మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఒక స్వతంత్ర సంఘం వేశారు. స్క్రీనింగ్ ఏటా సుమారు 1,300 మరణాలను ఆపుతోందని, సుమారు 4,000 మందికి అనవసరంగా క్యాన్సర్ నిర్ధారణ అవుతోందని 2012లో ఆ సంఘం అంచనా కట్టింది. ఒకరికి ముగ్గురు అన్న లెక్క అక్కడినుంచే వచ్చింది. స్క్రీనింగ్ ఆపలేదు, రమ్మనడం మానలేదు. చెప్పే పద్ధతి మార్చారు, అంతే.

వాణిజ్య ప్రకటనలకూ అక్కడ ఒక నియమం ఉంది. తగిన కారణం లేకుండా ప్రకటన భయం కలిగించకూడదు, కారణం ఉన్నా ఆ భయం మితిమీరకూడదు. పొగతాగడం మానమని చెప్పే ప్రకటన కొంత భయపెట్టవచ్చు. ఒంట్లో బాగానే ఉన్నవాణ్ని స్కానింగ్‌కు రప్పించడానికి అదే భయం వాడితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడి ప్రైవేటు సంస్థలన్నీ బుద్ధిగా ఉన్నాయని దీనర్థం కాదు. ఫిర్యాదు వస్తే ఏ గీటురాయి మీద గీసి చూడాలో మాత్రం ముందే తెలుసు.

ఇక మన ఎఫ్‌ఎం రేడియోలో, టీవీలో వచ్చే హెల్త్ చెకప్ ప్రకటన ఎలా ఉంటుంది? అంబులెన్స్ సైరన్, కుర్చీలోంచి ఒరిగిపోయిన తండ్రి, ‘నాన్నా’ అని పాప కేక. ఆపైన ‘రేపటికి ఆలస్యం కావచ్చు’ అన్న గొంతు, చివర్లో ‘85 పరీక్షలు, సగం ధరకే, ఈ నెలాఖరు వరకే’. వినేవాడికి గుండె దడ పుడుతుంది. ప్యాకేజీలో ఏముందో మాత్రం తెలియదు.

ఆ 85 అంకె దగ్గర కొంచెం ఆగాలి. ఒకే చిన్న గొట్టం రక్తంతో చేసే సీబీపీ రిపోర్టులో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అంటూ ఇరవై దాకా వరుసలు వస్తాయి. ప్రకటనలో ఒక్కో వరుసా ఒక్కో పరీక్ష అయిపోతుంది. లిపిడ్ ప్రొఫైల్, ఎల్‌ఎఫ్‌టీ, మూత్ర పరీక్షలనూ అలాగే లెక్కపెడతారు. నాలుగైదు పరీక్షలు చేస్తే 85 అంకె దగ్గర పడుతుంది.

అంకె పెద్దదైతే మేలు కూడా పెద్దదనుకుంటాం. నిజానికి అక్కడే చిక్కు మొదలవుతుంది. చాలా పరీక్షలకు ‘నార్మల్’ హద్దులు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు ఒక్క పరీక్షలోనే హద్దు దాటతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఆరోగ్యంగా ఉన్న వందమందిలో సుమారు 64 మందికి కనీసం ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. నిజమైన రిపోర్టులో కొన్ని అంకెలు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి కాబట్టి లెక్క కొంత తగ్గుతుంది, కానీ ధోరణి ఇదే. ట్యూమర్ మార్కర్లు చేరిస్తే ఇంకా కష్టం. సీఏ-125 నెలసరిలోనూ, గర్భంతో ఉన్నప్పుడూ, ఎండోమెట్రియోసిస్ ఉన్నా పెరగవచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఇంటిల్లిపాదీ నిద్ర మానేస్తారు, ఆపైన స్కానింగ్‌ల వరుస మొదలవుతుంది.

ఇంగ్లండు ప్రభుత్వం 40 నుంచి 74 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి ఉచితంగా చేసే హెల్త్ చెక్‌లో చూసేవి కొద్దే: బీపీ, ఎత్తు, బరువు, కొలెస్ట్రాల్, షుగర్ వచ్చే అవకాశం, పొగ, మద్యం అలవాట్లు. వాటన్నిటి నుంచి రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి మనిషికి వివరిస్తారు. మన దగ్గరా ఆ ఆలోచన లేకపోలేదు. 30 దాటినవారికి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. దాని గురించి రేడియోలో వినిపించేది తక్కువ, సైరన్ వినిపించేది ఎక్కువ.

అయితే ఆసుపత్రి తన ప్యాకేజీని అమ్ముకోకూడదా? తప్పకుండా అమ్ముకోవచ్చు. 1,800 రూపాయల ప్యాకేజీ ఉందనుకుని, ఒక నిమిషం రేడియో స్క్రిప్టు ఇలా రాయవచ్చు:

‘బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పెరిగినా చాలాకాలం పైకి ఏమీ తెలియదు. వాటిని చూడటానికే ఈ చెకప్. 30 దాటి, ఈ మధ్య పరీక్షలు చేయించుకోనివారి కోసం. బీపీ, బరువు, నడుము కొలత చూస్తాం. రక్తం, మూత్రం తీసుకుని షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు, రక్తహీనత చూస్తాం. ఈసీజీ తీస్తాం. స్కానింగ్‌లు, క్యాన్సర్ పరీక్షలు ఇందులో లేవు. రాత్రి భోజనం తర్వాత పది గంటలు ఏమీ తినకుండా రండి, మంచినీళ్లు తాగవచ్చు. షుగర్ మందులు వాడేవారు ముందు ఫోన్ చేసి అడగండి. రిపోర్టు డాక్టరుగారే వివరిస్తారు. అన్నీ కలిపి 1,800 రూపాయలు. మరో పరీక్ష అవసరమైతే ఖర్చు వేరే, దాన్ని మీకు నచ్చిన చోట చేయించుకోవచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం చెకప్ కోసం ఆగకండి. వెంటనే డాక్టరును కలవండి.’

మొదటి వాక్యంలో కొంచెం జంకు పుట్టవచ్చు, కానీ అది నిజం, పరీక్షకు కారణం కూడా అదే. తగిన కారణం ఉన్న భయమంటే నా దృష్టిలో అంతవరకే. ‘ఇందులో లేవు’ అన్న వాక్యం రాయడానికి మార్కెటింగ్ విభాగం వెనకాడుతుంది. కానీ 1,800 కట్టి ‘అన్నీ బాగున్నాయట’ అని ఇంటికెళ్లి, రొమ్ములో గడ్డను పట్టించుకోని మనిషిని కాపాడేది ఆ ఒక్క వాక్యమే. సమయం ఉంటే ఈసీజీ గురించీ ఒక మాట చేర్చాలి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె రక్తనాళాల్లో అడ్డంకులు లేవని కాదు.

పక్క ఆసుపత్రి 85 అంటుంటే మనం ఇంత చప్పగా చెబితే ఎవరొస్తారని అడుగుతారు. మన అంకెనూ చెప్పవచ్చు, ‘రక్తం తీసేది ఒక్కసారే, రిపోర్టులో 40 అంకెలుంటాయి’ అని. అప్పుడది అబద్ధం కాదు. చట్టం కూడా కొంత దారి చూపింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో హామీ ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో ఊరించి, అడుగున చీమతలకాయంత ఇంగ్లీషులో ‘షరతులు వర్తిస్తాయి’ అనడానికి వీల్లేదు.

రేడియోలో చెప్పింది ఫోన్ ఎత్తే అమ్మాయి చేతిలోని కాగితంలోనూ ఉండాలి. రిపోర్టు ఇచ్చే బల్ల దగ్గర ఇంకొక పద్ధతి పెట్టుకోవాలి. ఒక్క అంకె కొద్దిగా హద్దు దాటి, మనిషికి ఏ లక్షణాలూ లేకపోతే, స్కానింగ్ రాసేముందు డాక్టరు అదే పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలా అని చూడాలి. ఆ రెండో పరీక్ష ధర కూడా ప్యాకేజీ కాగితం మీదే అచ్చు వేయాలి.