ప్రతిపాదనలో కోత ఎక్కడ పెట్టాలి?

నిధులు చాలనప్పుడు అడిగిన మొత్తంలో మూడవ వంతు తగ్గించి, లక్ష్యాలను యథాతథంగా ఉంచి మంజూరు చేయడం పరిశీలక సంఘాలకు సులభమైన మార్గం. అయితే ఇది పొదుపు కాదు.

ఉదాహరణకు, కందిలో నాలుగు రకాలను మూడేసి సాళ్ల ఎడాలలో పరీక్షించి, మూడు ప్రాంతాలకు వేర్వేరు సిఫారసులు ఇవ్వడం ఒక ప్రతిపాదన లక్ష్యమనుకొనవచ్చు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో 12 ట్రీట్‌మెంట్లు, 3 పునరావృత్తులు. కేంద్రానికి 36 చొప్పున మొత్తం 108 మడులు. కూలీల పద్దులో కోత పడితే పరిశోధకుడు పునరావృత్తులను రెండుకు తగ్గిస్తాడు. మడులు 72 అవుతాయి. కాని ప్రతి కేంద్రంలోనూ ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 22 నుంచి 11కు పడిపోతుంది. అది కనీసం 12 ఉండాలన్నది సాధారణ నియమం. దిగుబడిలో నిజమైన తేడా ఉన్నా విశ్లేషణలో తేలకపోవచ్చు. మూడు కేంద్రాల గణాంకాలను కలిపి విశ్లేషించవచ్చు గాని, దానివల్ల ప్రాంతాలవారీ సిఫారసు బలపడదు.

ఒక కేంద్రాన్ని తొలగించినా మిగిలేవి ఆ 72 మడులే. సిఫారసు రెండు ప్రాంతాలకే పరిమితమైనా, అది నమ్మదగినదిగా ఉంటుంది.

కావున సభ్యుడు మొదట మడులను లెక్కించి, విత్తడం నుంచి నూర్పిడి వరకు అవసరమయ్యే పనిదినాలను కూలీల పద్దుతో సరిచూడాలి. కోత తప్పనిసరైతే ఏ కేంద్రాన్ని వదలాలో సూచించి, లక్ష్యాన్ని కూడా తదనుగుణంగా తిరిగి రాయించాలి. మొత్తాన్ని తగ్గించి లక్ష్యాన్ని తాకకుండా వదిలితే, తేలని తేడాను "తేడా లేదు" అన్న సలహాగా విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చేరవేయవలసి వస్తుంది.