సౌండ్ తక్కువ వస్తోందని బూస్టర్ యాప్ వేసే ముందు

మొన్న హాస్టల్‌లో మా రూమ్ తమ్ముడు, "అన్నా, అదే పాట నీ ఫోన్‌లో గట్టిగా వస్తోంది, నా దాంట్లో రావట్లేదు. బూస్టర్ యాప్ ఏదైనా చెప్పు" అన్నాడు. వద్దురా, ముందు కారణం చూద్దాం అన్నాను. ఆ యాప్‌లు అసలు వాడకూడదనేదే నా అభిప్రాయం, ఎందుకో చెప్తాను.

మొదట వాడి వైర్ ఇయర్‌ఫోన్ నా ఫోన్‌కి పెట్టాం. బాగానే వినిపించింది, అంటే తప్పు ఇయర్‌ఫోన్‌ది కాదు. (రెండు ఫోన్లలోనూ సన్నగా వస్తే, అందులోనూ ఒక చెవికే తక్కువైతే, జాలీలో గులిమి పట్టిందేమో చూడండి.) తర్వాత వాడి సామ్‌సంగ్ సెట్టింగ్స్ తెరిస్తే Media volume limit ఆన్‌లో ఉంది. ఎప్పుడు నొక్కాడో వాడికే గుర్తులేదు. బ్లూటూత్ బడ్స్‌ది వేరే కథ. కొన్నిటికి ఫోన్ వాల్యూమ్ వేరు, బడ్స్ వాల్యూమ్ వేరు. ఫోన్‌లో ఫుల్ పెట్టినా బడ్స్‌లో తక్కువుంటే పాట సన్నగానే వస్తుంది. బడ్స్ మీదే పెంచి చూడాలి.

ఇక వాల్యూమ్ పెంచుతుంటే మధ్యలో ఆపే ఆ హెచ్చరిక. మనం చూడకుండానే OK నొక్కేస్తాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ గీత దాటి మొత్తం 20 గంటలు విన్నాక మళ్లీ అడుగుతుంది. ఇది యూరప్ నిబంధనల నుంచి వచ్చింది. అక్కడ 85 డెసిబెల్స్ దాటే ముందు హెచ్చరించాలి, ఎంత పెంచినా 100 దాటకూడదు. అయితే మనం పెట్టిన చవక ఇయర్‌ఫోన్ ఎంత మోత చేస్తుందో చాలాసార్లు ఫోన్‌కి తెలియదు, అంచనా వేస్తుందంతే. కాబట్టి హెచ్చరిక రాలేదంటే భయం లేదని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5, 92కి రెండున్నర. పాడేరు నుంచి విశాఖ బస్సు ఎక్కామనుకోండి. ఘాట్‌లో ఇంజిన్ మోతకి పాట వినపడక పెంచుతాం, 92కి చేరినా మనకు తెలియదు. దిగేలోపే వారం కోటా అయిపోతుంది. బూస్టర్ దాని మీద ఇంకా ఎక్కిస్తుంది, పాట కూడా పగిలినట్టు వస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

తమ్ముడి ఫోన్‌లో లిమిట్ పూర్తిగా తీయలేదు, కొంచెం పైకి జరిపాం. ఇయర్‌ఫోన్‌కి చెవికి సరిపోయే పెద్ద రబ్బరు టిప్స్ మార్చాడు. బయటి మోత తగ్గింది, సగం వాల్యూమ్‌కే పాట వినపడుతోందట. ఇంతకుముందు ఊరెళ్లి వచ్చిన రాత్రి చెవిలో గుయ్‌మనేది అని అప్పుడు చెప్పాడు. మీలో ఎవరికైనా అలా అయి, మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టర్‌కి చూపించుకోండి.