స్టైపెండ్ ఎప్పటిదాకా... జీతం ఎప్పటినుంచి?

గుంటూరులో ఓ ఇంట్లో ఆ సాయంత్రం మిఠాయిలు పంచారు. బీటెక్ ఆఖరి సెమిస్టర్లో హైదరాబాద్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయికి అక్కడే ఉద్యోగం ఖాయమంటూ ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్ వచ్చింది. ఇప్పుడొచ్చే స్టైపెండ్ నెలకు 25 వేలు. ఆఫర్‌లో రాసింది ఏడాదికి 7.2 లక్షలు.

‘అంటే నెలకు 60 వేలు!’ అన్నాడు తండ్రి. క్యాంపస్‌లో వచ్చిన 5.5 లక్షల ఉద్యోగం వదులుకోవచ్చనుకున్నారు. రెండింట్లో ఏది ఉంచుకుంటుందో మూడు రోజుల్లో కాలేజీకి చెప్పాలి.

బ్యాంకులో పనిచేసే మేనమామ కాగితం తీసుకున్నాడు. ‘ఇది జీతం కాదు బావా, కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు’ అంటూ లెక్క రాశాడు. ఏడాది నిండాక ఇచ్చే బోనస్ లక్ష. పనితీరును బట్టి ఇచ్చేది 80 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ, బీమా కలిపి 18,400. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 5 లక్షలు. నెలకు 41,667. అందులో ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 39,667.

క్యాంపస్ ఉద్యోగంలో బోనస్‌లేవీ లేవు. అక్కడ ఖాయంగా నగదు రూపంలో ఇచ్చేది 4.8 లక్షలు. 1.7 లక్షలనుకున్న తేడా కాస్తా 20 వేలకు దిగింది!

‘అసలు సంగతి ఇంకోటుంది’ అన్నాడు మేనమామ. ఇంటర్న్‌షిప్ జూన్ 30తో ముగుస్తుంది. చేరాల్సిన తేదీ చోట ‘కంపెనీ అవసరాన్ని బట్టి’ అని ఉంది. ఇంటర్న్‌షిప్‌ను మరో మూడు నెలలు పొడిగిస్తే, చేసే పని అదే అయినా వచ్చేది 25 వేలే. నెలకు 14,667 చొప్పున మూడు నెలల్లో 44 వేలు నష్టం. పొడిగించకుండా ఆగమంటే అదీ రాదు.

ఆ రాత్రే అమ్మాయి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టింది. స్టైపెండ్ ఏ తేదీతో ఆగి జీతం ఏ తేదీన మొదలవుతుంది? నెలనెలా ఖాయంగా ఇచ్చేదెంత? ఏడాది బోనస్ తీసుకున్నాక మానేస్తే తిరిగి కట్టాలా? ఏ కారణాలతో ఆఫర్ రద్దవుతుంది?

హెచ్ఆర్ ఫోన్ చేసి ‘జులైలోనే చేర్చుకుంటాంలెండి’ అంది. ‘అదే లెటర్లో రాసివ్వండి మేడమ్’ అని అమ్మాయి మర్యాదగానే అడిగింది.

మూడో రోజు మధ్యాహ్నం కొత్త లెటర్ వచ్చింది. జులై 1 నుంచి ఉద్యోగం, ఆ రోజు నుంచే పూర్తి జీతం. బ్యాక్‌లాగ్‌లుంటే ఆఫర్ రద్దు. బోనస్ తీసుకుని రెండేళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలి. ఆ షరతు తండ్రికి నచ్చలేదు. కానీ ముందే తెలిసింది కదా అని అమ్మాయి సంతకం చేసింది. ఆ లక్షను మాత్రం రెండేళ్లు నిండేదాకా ముట్టుకోకూడదని ఇంట్లో అనుకున్నారు.